ఎనిమిదో పేరా

కోర్టు గేటుకి ఎదురుగా, రోడ్డు దాటగానే, పదడుగుల వెడల్పూ ఇరవై నాలుగడుగుల పొడవూ ఉన్న కొట్టు ఒకటుంది. దాంట్లో ముప్ఫై ఆరేళ్ళుగా టైపు కొడుతున్న మనిషిని అందరూ కామా అంటారు. లాయర్లు రాసిచ్చిన చిత్తుప్రతుల్లో అడగకపోయినా కామాలు పెట్టడం ఆయన అలవాటు. పెట్టినందుకు డబ్బులు తీసుకోడు. తీసేయమంటే మాత్రం మొహం గంటు పెట్టుకుంటాడు.

కొట్టు తండ్రిది. ఆయనా టైపిస్టే. మిషను మీద కొట్టిన కాలం మనిషి. కామా ఇంటరు రెండుసార్లు తప్పి, మూడోసారి రాయడానికి సిగ్గుపడి, తండ్రి పక్కన ముక్కాలి పీట వేసుకు కూర్చున్నాడు. తర్వాత మిషను పోయి కంప్యూటరు వచ్చింది. తండ్రీ పోయాడు. ఆయన కుర్చీలో కామా కూర్చున్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. ఖాళీగా ఉంది కాబట్టి కూర్చున్నాడు. తన జీవితంలోని ముఖ్యమైన నిర్ణయాలన్నీ ఇలా ఖాళీ కనబడితే కూర్చోవడంతోనే జరిగాయని ఆయనే చెప్పుకుంటాడు.

ఆయనకో విద్య ఉంది. చదవకుండా టైపు కొట్టగలడు. కళ్ళు కాగితం మీద ఉంటాయి, వేళ్ళు మీటల మీద ఉంటాయి, మధ్యలో బుర్రకి పని ఉండదు. ముందు ఆరడుగుల మేర బల్ల వేసుకుని అద్దెకుంటున్న జిరాక్సు అతనితో ధరల సంగతి మాట్లాడుతూనే ఒక విడాకుల పిటిషను పూర్తి చేయగలడు. "చదివితే ఈ వృత్తిలో బతకలేం," అనేవాడు. "రోజుకి నలుగురు అన్నదమ్ములు విడిపోతారు, ఇద్దరు మొగుడూపెళ్ళాలు విడిపోతారు. అందరి కోసం బాధపడాలంటే నేనొక్కణ్ణే, జీతం లేదు."

ఆ విద్యే ఆయన కొంప ముంచింది.

ఒక మంగళవారం పొద్దున్న, కోర్టు గంట కొట్టకముందే, బట్టతల గుమాస్తా ఒకాయన వచ్చాడు. ఊరికి కొత్తగా వచ్చిన లాయరమ్మ దగ్గర చేరి నెలరోజులే అయింది. చేతిలో నాలుగు పేజీల చిత్తు.

"మొదటి పేజీ, ఆఖర్న ఆస్తి వివరాల షెడ్యూలు మా ఆఫీసులోనే చేసుకుంటాం సార్. పేర్లు, తేదీలు బయటికి పోకూడదని మేడమ్ గారి పట్టుదల. మధ్యలో పేరాలు కొట్టివ్వండి చాలు. పేర్లు రావాల్సినచోట ఖాళీ వదిలాం, అక్కడ గీతలు వేసేయండి."

"ఎంత గుట్టో!" అన్నాడు కామా. "ఈ కొట్టులోంచి ఇంతవరకూ ఒక్క రహస్యం బయటికి పోలేదు. నాకు తెలిస్తే కదా పోవడానికి."

నోటీసు. ఇలాంటివి వారానికి రెండు వస్తాయి. తండ్రి వీలునామా రాయకుండా చనిపోవడం, తర్వాత తల్లీ పోవడం, ఉన్నది ఒక అన్న, ఒక చెల్లెలు, ఇద్దరికీ చెరిసగం హక్కు, అన్న ఒక్కడే షాపు అట్టిపెట్టుకుని అనుభవించడం, నోటిమాటగా పలుమార్లు అడిగినా పంచకపోవడం. వేళ్ళు వాటంతట అవే పరుగెత్తాయి. ఆరో పేరా దగ్గర మాత్రం ఎందుకో ఆగాయి. ఇటీవల సదరు అన్న షాపు ముందు పాత బోర్డు తీయించి, తన ఒక్కడి పేరుతో, ప్రొప్రయిటరు అని రాయించి, కొత్త బోర్డు పెట్టించాడని ఉంది అందులో.

"బోర్డు మార్చాడా?" అన్నాడు కామా నవ్వుతూ. "బుద్ధి లేనివాడు. అక్కడే దొరికిపోయాడు చూడండి. ఉమ్మడి ఆస్తిలో ఊరికే కూర్చుంటే ఏమీ కాదు. నాదొక్కడిదే అని బోర్డు కట్టుకుంటే, చెల్లెల్ని కాదన్నట్టే కదా. మీ మేడమ్‌కి తెలివుంది."

గుమాస్తా మర్యాదగా తలూపాడు. తల మీద, గుమ్మం పైన, నెల క్రితం కామా కట్టించుకున్న బోర్డు పెయింటు వాసన ఇంకా పూర్తిగా పోలేదు. ఆ సంగతి కామాకి తట్టలేదు. తనది మరమ్మత్తు. పాతది తుప్పు పట్టింది, పెయింటరు "ఎవరి పేరు రాయమంటారు?" అన్నాడు, ఎదురుగా తనే ఉన్నాడు.

ఏడో పేరాలో భాగం పంచమని అడిగారు. ఎనిమిదో పేరాలో పదిహేను రోజుల గడువు ఇచ్చి ముగించారు.

"ఇదేంటండీ, లెక్కల పేరా ఏది?" అన్నాడు కామా.

"లెక్కలా?"

"ఆస్తి సగం పంచమంటే సరిపోతుందా? ఇన్నేళ్ళూ ఒక్కడే తిన్నాడు కదా, అది కక్కొద్దూ? వచ్చిన ఆదాయం, పోయిన ఖర్చు, రాతపూర్వకంగా లెక్క చెప్పి, ఆమె సగం ఆమెకి ఇమ్మని అడగాలి. ఇప్పుడు అడక్కపోతే రేపు దావాలో అవతలి లాయరు, నోటీసులో ఎందుకడగలేదమ్మా అని లాగుతాడు. మీరు కొత్త, మేడమూ కొత్త. నేను వేస్తాను, నచ్చకపోతే కొట్టేయమనండి."

వేశాడు. గడువు పేరాని తొమ్మిదికి జరిపి, ఎనిమిదోది తన సొంత బుర్రలోంచి తీసి కొట్టాడు. "ఇది ఇలా ఉండగా," అని మొదలుపెట్టి, షాపులో కొంత భాగం బయటివాళ్ళకి అద్దెకిచ్చి ఉంటే ఆ అద్దెతో సహా, రసీదులతో సహా, పైసాతో సహా, అని మూడు కామాలతో ముగించాడు. చదువుకుంటే తనకే ముచ్చటేసింది. ఆ రోజు మొత్తంలో ఆయన మనసుపెట్టి చదివిన పేరా అదొక్కటే.

శుక్రవారం పోస్టుమాన్ రిజిస్టరు కవరు తెచ్చాడు. కామా రసీదు కార్డు మీద సంతకం పెట్టాడు. చుట్టుపక్కల లాయర్ల కవర్లు అప్పుడప్పుడు పొరపాటున ఇక్కడికే వస్తుంటాయి, అలాంటిదే అనుకున్నాడు. తీసి చూస్తే మొదటి పేజీ మీద తన పేరుంది. ఎవరి తరఫున అన్నచోట చెల్లెలి పేరుంది.

రెండో పేజీ తిప్పాడు. ఆ అక్షరాల సైజు తనది. వాక్యం చివర వదిలిన ఖాళీ తనది. ఎనిమిదో పేరా, "ఇది ఇలా ఉండగా," దాని పక్కన కామా, అంతా తనది. మనిషికి తన చేతిరాతతో బెదిరింపు ఉత్తరం వస్తే ఎలా ఉంటుందో ఆయనకి ఆ రోజు తెలిసింది. ఆరో పేరా చదివి, కుర్చీలోంచి లేచి, బయటికి వెళ్ళి, తలెత్తి బోర్డు చూశాడు. పసుపు మీద ఎర్ర అక్షరాలు. ప్రొప్రయిటర్.

"ఏంటి సార్, రంగు వెలిసిందా?" అన్నాడు జిరాక్సు అతను.

"వెలిసింది," అన్నాడు కామా.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళి కవరు భార్య ముందు పెట్టాడు. ఆమె మొత్తం చదివింది. చివరిదాకా చదివే అలవాటు ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే ఉంది.

"మీ చెల్లెలు ఇంత గట్టిగా రాస్తుందనుకోలేదండీ. ఈ ఎనిమిదో పేరా చూడండి, పైసాతో సహా అట. ఎంత కసి!"

కామా అన్నం కలుపుతూ నీళ్ళు నమిలాడు. "అది ఆమె రాయలేదు."

"లాయరు రాశారా?"

"కాదు."

"మరెవరు?"

చెప్పాడు. ఆమె కంచంలో కూర వడ్డించడం మానేసి, గోడకి ఆనుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"గుమాస్తా అడక్కుండానే వేశారా?"

"అడక్కుండానే."

"డబ్బులు తీసుకున్నారా?"

"పేజీకి ఇంత అని తీసుకున్నా. ఆ పేరా ఉచితం."

నవ్వు తగ్గాక ఆమె మళ్ళీ నోటీసు చేతిలోకి తీసుకుంది. "సరే, ఆమె నోటిమాటగా పలుమార్లు అడిగిందని ఉంది. అడిగిందా?"

అడిగింది. మూడుసార్లు. తల్లి పోయిన ఏడాది, కొట్టు సంగతి ఏంటన్నయ్యా అంటే, "ఎక్కడికి పోతుంది, చూద్దాం" అన్నాడు. రెండేళ్ళకి మళ్ళీ అడిగితే, "నేను లేకపోతే అది ఉత్త గోడలే కదే" అన్నాడు. మూడోసారి ఫోనులో. ఆ మాట వినబడనట్టు, మీ ఆయన మోకాలు ఎలా ఉంది అని అడిగాడు. చెల్లెలు ఆసుపత్రి ల్యాబులో రక్తం పరీక్షలు చేసి, వయసు రాకముందే రిటైర్మెంటు తీసుకున్న మనిషి. సీసా మీద పేరు తప్పితే ఊరుకునే రకం కాదు. ముప్ఫై ఏళ్ళు అదే పని చేసింది. అలాంటామె ఒకరోజు కోర్టు వైపు వచ్చి, బస్సులోంచి బోర్డు చూసింది.

శనివారం పొద్దున్నంతా కొట్టు తలుపు సగం మూసుకుని కామా జవాబు నోటీసు తయారుచేశాడు. ఎవరి సాయమూ అక్కర్లేదు. ఇలాంటి జవాబులు ఎన్ని కొట్టలేదు! అన్నలు చెప్పేవి మూడే ఉంటాయి. తండ్రి బతికుండగా నాకే ఇచ్చేశాడు. చెల్లెలు పెద్దల సమక్షంలో తనకేమీ వద్దంది. పన్నెండేళ్ళకి పైగా నేనొక్కణ్ణే నా సొంతంగా, బహిరంగంగా అనుభవిస్తున్నాను. మూడూ కొట్టాడు. కొన్నిచోట్ల మరీ బాగా వచ్చాయి.

తర్వాత, సంతకం పెట్టాల్సింది తను కాబట్టి, చదివాడు.

తండ్రి ఏమీ ఇవ్వలేదు. ఇవ్వడానికి ఆయన చివరి నెలల్లో మాట్లాడగలిగితే కదా. పెద్దలు ఎవరో ఆయనకే తెలియదు. ఉన్న పెద్దవాడల్లా మేనమామ, ఆయన నాన్నకంటే ముందే పోయాడు. పన్నెండేళ్ళు అన్నాడు గానీ తండ్రి పోయి పదకొండేళ్ళే. సొంతంగా, బహిరంగంగా అన్నాడు గానీ బోర్డు పెట్టి నెలే అయింది. నీతి కోసం ఆ కాగితం చించాలనిపించలేదు ఆయనకి. భయం వల్ల అనిపించింది. రోజూ ఎదురుగా కోర్టులోంచి సాక్షులు ఎలా బయటికొస్తారో ఆయన చూస్తూనే ఉన్నాడు. చొక్కా వీపంతా తడిసి, నీళ్ళ కుండ దగ్గర గ్లాసు మీద గ్లాసు తాగుతారు. బోనులో నిలబడి, "ఆ పెద్దల పేర్లు చెప్పండి" అని అడిగితే తనేం చెబుతాడు? చించలేదు. మడిచి జేబులో పెట్టుకుని, ముప్ఫై ఏళ్ళుగా తనతో పని చేయించుకుంటున్న పెద్ద లాయరు దగ్గరికి వెళ్ళాడు.

పెద్ద లాయరు నోటీసు చదివి, కళ్ళజోడు తీశాడు.

"ఇది నీ పనే కదయ్యా?"

"అవునండీ."

"ఎనిమిదో పేరా బాగుంది."

"అందరూ అదే అంటున్నారండీ," అన్నాడు కామా ఏడవలేక.

జవాబు నోటీసు కూడా చదివి లాయరు పక్కన పెట్టేశాడు. "ఇది ఎవరికైనా అమ్ముకో, నీకు పనికిరాదు. విను. కొట్టు మీ నాన్నది. వీలునామా లేదు. ఇద్దరే మీరు. సగం ఆమెది. ఇందులో తిరుగులేదు. నువ్వు కూర్చున్నావు కదా అని నీదైపోదు. కూర్చున్నవాడు ఇద్దరి తరఫునా కూర్చున్నట్టే లెక్క. ఇక లెక్కల సంగతి. నువ్వు టైపు కొట్టి సంపాదించింది నీ వేళ్ళది, దాంట్లో ఆమెకి వాటా లేదు. కానీ జిరాక్సు వాడి దగ్గర నెలనెలా అద్దె తీసుకుంటున్నావే, అది గోడలది. అందులో సగం ఆమెది. దీనికి వాదన కూడా లేదు."

"నేను లోపల కూర్చున్నందుకు అద్దె కట్టాలాండీ?"

"అది వాదించుకోవచ్చు. ఉమ్మడిదారుడు తన చోట తను కూర్చుంటే మామూలుగా అద్దె అడగరు. రెండోవాళ్ళని రాకుండా చేస్తే అడగొచ్చు. అయితే నువ్వు బోర్డు కట్టుకున్నావు కదా!" లాయరు నవ్వు ఆపుకున్నాడు. "ఆ బోర్డు ఎంతయింది?"

కామా చెప్పాడు.

"ఖరీదైనదే."

"దావా వేస్తే ఏమవుతుందండీ?"

"ముందు ఎవరి వాటా ఎంతో తేల్చి ప్రాథమిక డిక్రీ ఇస్తారు. తర్వాత కోర్టు పంపిన కమిషనరు టేపు పట్టుకుని నీ కొట్టుకి వస్తాడు. పంచడానికి వీలైతే పంచుతారు. వీలుకాకపోతే మీ ఇద్దరిలో ఎవరు కొనుక్కుంటారో చూస్తారు, అదీ కుదరకపోతే బయట వేలం. నీ దగ్గర ఆమె సగం కొనే డబ్బుందా?"

లేదు. కోర్టుకి ఎదురుగా ఉన్న చోటు. అక్కడ అడుగు ఎంత పలుకుతుందో కామాకి బాగా తెలుసు, ఆ అమ్మకాల కాగితాలన్నీ కొట్టింది తనే. వేలమంటే అవతలి వీధి హోటలాయన వచ్చి పాడుకుంటాడు. యాభై ఆరేళ్ళ టైపిస్టు సందుల్లో గది వెతుక్కోవాలి. సందుల్లోకి ఏ గుమాస్తా రాడు. కోర్టు గంటకీ ఆయన బల్లకీ మధ్య నలభై అడుగుల దూరమే ఆయన వ్యాపారం.

"కాబట్టి వెళ్ళి మాట్లాడు," అన్నాడు పెద్ద లాయరు. "ఫీజు వద్దు. నువ్వు చెప్పిన కథకి నాకు చెల్లు."

ఆదివారం మధ్యాహ్నం చెల్లెలి ఇంటికి వెళ్ళాడు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్లెక్కుతూ ఒక మాట తయారుచేసుకున్నాడు. తలుపు తీసేసరికి ఊపిరి లేక ఆ మాట పోయింది.

"రా అన్నయ్యా. ఫ్యాను కింద కూర్చో. మంచినీళ్ళు తెస్తా." ఆమె గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా కూర్చుంది. "నోటీసు నువ్వే టైపు చేశావటగా."

"ఎవరు చెప్పారు?"

"లాయరమ్మగారి గుమాస్తా. షెడ్యూల్లో హద్దులు రాసుకోడానికి నీ కొట్టు దగ్గరికొచ్చి నిలబడితే అప్పుడు తెలిసిందిట పాపం ఆయనకి. పరుగెత్తుకొచ్చాడు. బాగా రాశావు."

"నాకు తెలీదే. పేర్లు లేవు."

"పేర్లు లేకపోతే తెలీదా? నాన్న పోయాడు, అమ్మ పోయింది, చెల్లెలు మూడుసార్లు అడిగింది అని ఉంటే, ఎక్కడో విన్నట్టు కూడా అనిపించలేదా?"

"అందరివీ అలాగే ఉంటాయే."

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చాకే ఎంత దారుణంగా ఉందో వినబడింది. ఆయనే మళ్ళీ అన్నాడు, "లెక్కల పేరా నేనే వేశాను. చిత్తులో లేదు."

"తెలుసు. నేను వద్దన్నా."

"వద్దన్నావా?"

"కొట్టులో నా వాటా తేలిస్తే చాలు, డబ్బులడిగితే అన్నయ్య బాధపడతాడు, తీసేయండి అన్నా. లాయరమ్మగారే, ఉండనీయండమ్మా, టైపాయన అనుభవజ్ఞుడు, ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాడు, ఆయన వేశాడంటే అవసరముండే వేసి ఉంటాడు అన్నారు." చెల్లెలు నవ్వలేదు. నవ్వి ఉంటే కామాకి కొంచెం తేలికయ్యేది. "తర్వాత ఆలోచిస్తే నాకూ నిజమే అనిపించింది. జిరాక్సు అతను నెలకెంత ఇస్తాడు?"

"మూడు వేలు."

"నాకెప్పుడూ చెప్పలేదు."

"నువ్వడగలేదు."

"అడిగితే మా ఆయన మోకాలు సంగతి అడిగావు."

కామా నీళ్ళు తాగాడు. గ్లాసులో ఏమీ లేకపోయినా తాగాడు. తర్వాత తను చేసుకొచ్చిన ప్రతిపాదన బయటపెట్టాడు. పంచొద్దు, ఉమ్మడిగానే ఉంచుదాం, అద్దెలో సగం నెలనెలా నేనే తెచ్చిస్తా, మన మధ్య కాగితాలెందుకు.

"కాగితాలెందుకా?" అంది చెల్లెలు. "కాగితాల మీద బతికేవాడివి నువ్వు. నీ నోట్లోంచి ఆ మాట రాకూడదన్నయ్యా. నువ్వు మంచివాడివే. కానీ నీకు ఎదురుగా ఎవరూ లేకపోతే అంతా నీదే అనిపిస్తుంది. చిన్నప్పుడు ప్లేట్లో పెట్టిన బిస్కెట్లు కూడా అంతే. దొంగిలించేవాడివి కాదు. మర్చిపోయేవాడివి."

ఆయన వాదించలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఇంతకంటే పొడుగాటి వాదనలు టైపు కొట్టాడు, ఇంత సూటిగా ఉన్నది ఒక్కటీ తగల్లేదు.

"అమ్మమంటావా?" అన్నాడు చివరికి.

"నిన్ను రోడ్డు మీద పెట్టి నాకేం వస్తుంది? పంచుదాం."

"పదడుగుల వెడల్పు. నిలువునా కోస్తే ఇద్దరికీ నడవలు మిగులుతాయి."

"అడ్డంగా కోద్దాం," అంది చెల్లెలు. కాగితం, స్కేలు తెచ్చింది. అప్పటికే గీసి ఉంచింది. ముందు పదడుగులు, వెనక పద్నాలుగు. రోడ్డు వైపు భాగం విలువెక్కువ, అందుకే కొలత తక్కువ. ముందుది ఆమెది, అద్దె వచ్చేది అదే. వెనకది ఆయనది. ముందు భాగంలోంచి గోడ వెంబడి మూడడుగుల దారి, ఆయన గిరాకీ రావడానికి.

కామా ఆ బొమ్మ చాలాసేపు చూశాడు. వెనక భాగానికి కిటికీ లేదు. పగలు కూడా లైటు వేసుకోవాలి. అయినా కోర్టు గంట వినబడుతుంది.

"ముందుది నేను తీసుకుని, తేడా డబ్బు నీకిస్తే?"

"ఎంతిస్తావు?"

ఆయన దగ్గరున్నది చెప్పాడు. ఆమె కాగితం మళ్ళీ ఆయన వైపు తిప్పింది.

లెక్కలు లాయరమ్మ ఆఫీసులో తేలాయి. బట్టతల గుమాస్తా కామా కళ్ళలోకి చూడకుండా కుర్చీ వేశాడు. గడిచిన మూడేళ్ళకే అడుగుతామని, అంతకు ముందువాటికి దావా గడువు దాటిందని ఎదుటివాళ్ళు అభ్యంతరం పెడతారని లాయరమ్మ చెప్పింది. ముప్ఫై ఆరు నెలల అద్దె, లక్షా ఎనిమిది వేలు. అందులో సగం యాభై నాలుగు వేలు. దీనికి ఎదురుగా, ఆ మూడేళ్ళలో కామా కట్టిన పన్ను, పైకప్పు మరమ్మత్తు కలిపి ఇరవై రెండు వేలు. ఉమ్మడి ఆస్తికి పెట్టిన ఖర్చు కాబట్టి దాంట్లో సగం చెల్లెలు భరించాలి. పదకొండు వేలు తీసేస్తే నలభై మూడు. కామా ఉత్సాహంగా ఒక సంచి నిండా రసీదులు పట్టుకెళ్ళాడు. బోర్డు రసీదు కూడా అందులో పెట్టాడు. లాయరమ్మ దాన్ని రెండు వేళ్ళతో తీసి ఆయనకి తిరిగిచ్చేసింది.

పంపకాల దస్తావేజు టైపు చేయడానికి ఎవరా అన్న మాట వస్తే గదిలో అందరూ ఒకేసారి కామా వైపు చూశారు.

"నేనే చేస్తాను," అన్నాడు కామా. "ఈసారి చదివి చేస్తాను."

రెండు రోజులు పట్టింది. మామూలుగా గంట పని. ఒకటో పార్టీ అంటే తను. రెండో పార్టీ అంటే చెల్లెలు. తన వాటాకి తూర్పు హద్దు రెండో పార్టీ వాటా అని కొట్టి, చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. చదివి కొడుతుంటే ఆయన వేళ్ళకి తప్పులు రావడం మొదలైంది. మొదటి పేజీ నాలుగుసార్లు తీయాల్సి వచ్చింది.

ఆ ప్రతిని లాయరమ్మ బల్ల మీద పెట్టారు. చెల్లెలు పెన్ను పట్టుకుని, ల్యాబులో సీసాలు చూసినట్టు, వేలు పెట్టి ఒక్కో లైను చదివింది.

"ఇదేంటన్నయ్యా? దారిలో వాహనాలతో సహా రాకపోకలు సాగించే హక్కు?"

"అది మామూలుగా వేసేదే."

"మూడడుగుల దారిలో ఏం వాహనం తెస్తావు?"

"కొట్టేయి."

ఆమె కొట్టేసింది. పేజీ తిప్పింది. ఆగింది. "ఇరువురి మధ్య గత జమాఖర్చులన్నీ పూర్తిగా పరిష్కారమైనవి, ఒకరికొకరు చెల్లించవలసినది ఏమీ లేదు అని ఉంది."

"అవును, అది ఆఖర్న వేస్తాం. ప్రతి దస్తావేజులోనూ..."

"నలభై మూడు వేలు ఇచ్చావా?"

గుమాస్తా ఫ్యాను వైపు చూశాడు.

ఆ వాక్యం కామా కావాలని పెట్టలేదు. వేళ్ళు వేసేశాయి. చదివి చేస్తానన్నాడు, చదివాడు కూడా, అయినా అది దాటిపోయింది. తనకి లాభమయ్యే తప్పు కాబట్టే కళ్ళకి కనబడలేదేమో! ఎదుటివాడైతే, "వేళ్ళ మీద తోసేస్తున్నాడు చూడండి" అని తనే నవ్వి ఉండేవాడు.

"ఇవ్వలేదు," అన్నాడు. "నెలకి నాలుగు వేల చొప్పున పది నెలలు, పదకొండో నెల మూడు వేలు. అంతా ముట్టిన తర్వాతే పరిష్కారమైనట్టు అని మార్చు."

"నువ్వే మార్చు. నీకే బాగా వచ్చు," అంది ఆమె. ఆ మాటలో ఎత్తిపొడుపు ఎంతో, మెచ్చుకోలు ఎంతో ఆయన తేల్చుకోలేకపోయాడు. మార్చాడు.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో జనం కిక్కిరిసి ఉన్నారు. వేలిముద్రలు, ఫోటోలు అయ్యాక అధికారి తలెత్తకుండా అడిగాడు.

"ఇద్దరూ ఇష్టపూర్వకంగానే రాసుకున్నారా?"

"అవునండీ," అంది చెల్లెలు.

అధికారి కామా వైపు చూశాడు. ఇష్టపూర్వకంగా అన్న మాట కామా జీవితంలో కొన్ని వేలసార్లు కొట్టాడు. తనని ఎవరైనా అడగడం ఇదే మొదటిసారి.

"పూర్తిగా కాదండీ," అన్నాడు. "కానీ సబబే."

"ఇక్కడ అంత రాసుకునే చోటు లేదు. అవునా, కాదా?"

వెనక లైన్లో ఎవరో, "త్వరగా తేల్చండి పెద్దాయనా, బస్సుంది," అన్నారు.

"అవును," అన్నాడు కామా. పక్కన చెల్లెలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఈ వ్యవహారం మొదలయ్యాక ఆమె నవ్వడం అదే మొదలు.

అక్కణ్ణించి నేరుగా కొట్టుకి వచ్చారు. గోడ కట్టే మేస్త్రీ సుద్దముక్కతో ఎదురుచూస్తున్నాడు. జిరాక్సు అతను వచ్చే నెల నుంచి అద్దె ఎవరికివ్వాలో అడిగితే, కామా వేలితో చెల్లెల్ని చూపించాడు. చెల్లెలు గుమ్మం దగ్గర వంగి, టేపు కొస నేలకి నొక్కి పట్టుకుంది. రెండో కొస పట్టుకుని కామా లోపలికి నడిచాడు. పదడుగుల దగ్గర మేస్త్రీకి చోటు చూపించాలి. టేపు మధ్యలో కొంచెం వదులుగా వేలాడుతోంది. అలా వదులుగా ఉంటే గీత అరంగుళం ముందుకి పడుతుంది. అంటే అరంగుళం తనకి కలిసొస్తుంది. కామాకి అది తెలిసింది. నోరు విప్పలేదు.

"టేపు బిగించు అన్నయ్యా," అంది చెల్లెలు తలెత్తకుండానే.

ఆయన బిగించాడు.